తెల్ల కొవ్వు దాచిపెడుతుంది, గోధుమ కొవ్వు కాల్చేస్తుంది: ఈ తేడా ఎక్కడ మొదలవుతుంది?

ఈ మధ్య ఫోన్లో ఆరోగ్యం గురించి ఏ వీడియో తెరిచినా ఒకటే మాట. ఒంట్లో ఉన్న తెల్ల కొవ్వు చెడ్డదట, గోధుమ రంగు కొవ్వు మంచిదట, చన్నీళ్ల స్నానం చేసో ఫలానా పొడి తాగో ఆ చెడ్డదాన్ని మంచిదిగా మార్చేసుకోవచ్చట. చుట్టాలు, పాత విద్యార్థులు, మా అపార్ట్‌మెంటువాళ్లు ఇవి నాకు పంపి "నిజమేనా మేడమ్?" అని అడుగుతుంటారు. నేను మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు హిస్టాలజీ, అంటే కణజాలాల నిర్మాణం గురించిన పాఠం, చెబుతాను. ఈ రెండు రకాల కొవ్వునూ మైక్రోస్కోపు కింద పిల్లలకు చూపించడం నా రోజువారీ పని. అందుకే ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో "అవును", "కాదు" అని చెప్పి వదిలేయడం నాకిష్టం లేదు.

మా సబ్జెక్టులో ఇది పరీక్షకు తప్పకుండా వచ్చే ప్రశ్న. తెల్ల కొవ్వుకూ గోధుమ కొవ్వుకూ తేడాలు రాయమంటారు. పిల్లలు మధ్యలో గీత కొట్టి నాలుగు వరుసలు రాసేస్తారు: కొవ్వు చుక్కలు ఒకటా ఎన్నోనా, కణంలో ఇంధనాన్ని కాల్చే మైటోకాండ్రియా తక్కువా ఎక్కువా, రక్తనాళాలు తక్కువా ఎక్కువా, శరీరంలో ఎక్కడెక్కడ ఉంటుంది. మార్కులు పడతాయి కానీ విషయం మాత్రం బుర్రకెక్కదు. ఆ నాలుగూ దేనికది విడివిడిగా ఉండే తేడాలైతే ఒకదాన్ని మార్చి మిగతావి వదిలేయొచ్చు, వీడియోలు చెప్పేదీ సాధ్యమే అవుతుంది. కానీ ఆ నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని నా వాదన. వేడి పుట్టించాలి అనే ఒక్క పనిని కణానికి అప్పగించి చూడండి, ఆ నాలుగూ వాటంతటవే తోసుకొస్తాయి.

ముందు తెల్ల కొవ్వు స్లైడు చూద్దాం. మొదటిసారి చూసిన పిల్లలు "మేడమ్, ఇందులో ఏమీ లేదు" అంటారు. నిజంగానే ఖాళీగా కనిపిస్తుంది. పల్చటి గులాబీ గీతలతో అల్లిన వల, ఆ వల కన్నుల్లో తెల్లటి ఖాళీ. ఆ ఖాళీ అంతా ఒకప్పుడు కొవ్వే. స్లైడు తయారుచేసేటప్పుడు కణజాలాన్ని ఆల్కహాల్‌లోనూ తర్వాత జైలీన్‌లోనూ నానబెడతారు. కొవ్వు వాటిలో కరిగిపోతుంది. మిగిలేది కణం అంచు ఒక్కటే. కొవ్వునే కళ్లారా చూడాలంటే కణజాలాన్ని గడ్డకట్టించి కోసి, సూడాన్ లాంటి కొవ్వుకు అంటుకునే రంగు వేయాలి. అప్పుడు ఆ ఖాళీలు నిండుగా ఎర్రగా నారింజ రంగులో కనబడతాయి.

ఆ కణంలో ఉండేది ఒకే ఒక్క పెద్ద కొవ్వు చుక్క. కణం అడ్డుకొలత సుమారు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదోవంతు. మరీ లావైన మనుషుల్లో ఇంకా పెద్దవి కూడా ఉంటాయి. కణం జాగా దాదాపు మొత్తం ఆ చుక్కే ఆక్రమించేస్తుంది. కేంద్రకం ఒక మూలకు నొక్కుకుపోయి బల్లపరుపుగా, కొడవలి ఆకారంలో మిగులుతుంది. కణద్రవం అనేది సన్నటి పొరలా అంచున మాత్రమే ఉంటుంది. ఉన్న కొద్దిపాటి మైటోకాండ్రియా కూడా ఆ పొరలోనే సర్దుకోవాలి. ఈ కణం పని దాచిపెట్టడం. తక్కువ జాగాలో ఎక్కువ కొవ్వు పట్టాలంటే ఒకే పెద్ద చుక్కగా ఉంచడం కంటే మంచి పద్ధతి లేదు.

ఇప్పుడు గోధుమ కొవ్వు స్లైడు పెడితే పిల్లలు ఇది కొవ్వేనా అని అనుమానపడతారు. ఏదో గ్రంథి అనుకుంటారు. కణాలు చిన్నవి, ఎక్కువగా 20 నుంచి 50 మైక్రాన్ల మధ్య ఉంటాయి, పలకలు తేలిన ఆకారం. లోపల ఒక్క ఖాళీకి బదులు నురుగులా బోలెడన్ని చిన్న చిన్న బుడగలు. వాటి మధ్య మిగిలిన కణద్రవం గులాబీ రంగులో గరుకుగా కనిపిస్తుంది. ఆ గరుకుదనమే మైటోకాండ్రియా. కేంద్రకం గుండ్రంగా, నొక్కుకుపోకుండా ఉంటుంది. కణాల మధ్య ఎటు చూసినా సన్నటి కేశనాళికలు, వాటిలో ఎర్ర రక్తకణాలు.

చుక్క ఒకటైతేనేం, వెయ్యైతేనేం, కొవ్వు కొవ్వే కదా అనిపించొచ్చు. ఇక్కడ కాస్త లెక్క వేసుకోవాలి. 100 మైక్రాన్ల అడ్డుకొలత ఉన్న ఒక చుక్కను తీసుకుని, అదే కొవ్వును 10 మైక్రాన్ల చుక్కలుగా విడగొడితే సరిగ్గా వెయ్యి చుక్కలు వస్తాయి. కొవ్వు పరిమాణం ఏమీ మారలేదు. కానీ పైతలం పది రెట్లయింది. 5 మైక్రాన్ల చుక్కలుగా చేస్తే ఎనిమిది వేల చుక్కలు, పైతలం ఇరవై రెట్లు. ఇది ఎందుకు ముఖ్యమంటే, కొవ్వును కోసే లైపేజ్ ఎంజైములు నీళ్లలాంటి కణద్రవంలో ఉంటాయి, చుక్క లోపలికి దూరలేవు. పైతలం మీద మాత్రమే పనిచేయగలవు. అంటే చుక్క ఎంత చిన్నదైతే అంత వేగంగా కొవ్వు ఆమ్లాలు విడుదలవుతాయి. పైగా ప్రతి చుక్కనూ మైటోకాండ్రియా ఆనుకుని ఉంటాయి కాబట్టి విడుదలైన కొవ్వు ఆమ్లం ఎక్కువ దూరం పోనక్కర్లేదు, పక్కనే కాలిపోతుంది. తెల్ల కణంలో విడుదలైన కొవ్వు ఆమ్లం అక్కడ కాలదు. రక్తంలోకి వెళ్లి, అల్బ్యుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని, కండరానికో గుండెకో కాలేయానికో చేరుతుంది. తెల్ల కణం ఇంధనం పంపిస్తుంది. గోధుమ కణం ఆ ఇంధనాన్ని తనే వాడేస్తుంది.

రంగు సంగతి కూడా ఇక్కడే. ఆ గోధుమ రంగు కొవ్వుది కాదు. మైటోకాండ్రియాలో ఉండే సైటోక్రోములు అనే ఇనుము గల ప్రోటీన్ల వల్ల వస్తుంది, దానికి కేశనాళికల్లోని రక్తం కూడా తోడవుతుంది. ఈ కణజాలాన్ని మొదట గుర్తించిన వాడు స్విట్జర్లాండ్‌కు చెందిన కొన్రాడ్ గెస్నర్. 1551లో మార్మోట్ అనే ఉడుతజాతి జంతువును కోసి, దాని రెండు భుజాల ఎముకల మధ్య ఉన్న దాన్ని చూసి, ఇది కొవ్వూ కాదు, మాంసమూ కాదు అని రాశాడు. చలికాలం అంతా నిద్రపోయే జంతువు అది. నిద్ర లేచేటప్పుడు వేడెక్కడానికి ఆ ముద్దే దానికి పొయ్యి అని తెలియడానికి మరో నాలుగు వందల ఏళ్లు పట్టింది.

మైటోకాండ్రియా ఎక్కువ ఉండటమే గొప్ప విషయం అని చాలామంది రాస్తుంటారు. అది సగమే నిజం. గుండె కండరంలో మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి, కానీ గుండె వేడి పుట్టించడానికని కొట్టుకోదు. అసలు తేడా మైటోకాండ్రియా లోపలి పొరలో ఉంది. మామూలు కణంలో కొవ్వు కాలినప్పుడు వచ్చే శక్తితో మైటోకాండ్రియా ప్రోటాన్లను పొరకు అవతలి వైపు తోస్తుంది. అవి తిరిగి లోపలికి వచ్చే దారిలో, కణం తన పనులకు శక్తిగా వాడుకునే ఏటీపీ తయారవుతుంది. శ్రీశైలం డ్యామ్‌లో నీళ్లు టర్బైన్ల మీదుగా కిందికి వస్తే కరెంటు పుడుతుంది. అవే నీళ్లను గేట్లెత్తి వదిలేస్తే అంత ఎత్తు నుంచి పడిన శక్తి అంతా హోరుగా, నురుగుగా పోతుంది, కరెంటు మాత్రం రాదు. గోధుమ కణం మైటోకాండ్రియాలో అలాంటి గేటు ఒకటుంది. దాని పేరు యూసీపీ-1. ప్రోటాన్లు ఏటీపీ తయారుచేసే దారిలో కాకుండా దీని గుండా లోపలికి జారిపోతాయి, శక్తి అంతా వేడిగా మారుతుంది. ఏటీపీ పోగవదు కాబట్టి "ఇక చాలు" అనే సంకేతమూ రాదు, కొవ్వు కాలుతూనే ఉంటుంది.

ఆ గేటు ఎప్పుడూ తెరిచి ఉండదు. మామూలు వేళల్లో కణంలో ఉండే ఏటీపీలాంటి న్యూక్లియోటైడ్లు దాన్ని మూసి ఉంచుతాయి. చలి వేసినప్పుడు మెదడు నుంచి సింపథెటిక్ నరాల ద్వారా కబురు వస్తుంది, నరం కొసలు నార్‌అడ్రినలిన్ వదులుతాయి, కణంలో లైపేజులు మేల్కొంటాయి, కొవ్వు ఆమ్లాలు విడుదలవుతాయి. ఆ కొవ్వు ఆమ్లాలే గేటు తెరుస్తాయి, ఆ కొవ్వు ఆమ్లాలే ఇంధనంగా కాలతాయి. ఒకే వస్తువు తాళంచెవీ ఇంధనమూ కావడం నాకు ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాని సంగతి. చిన్న చుక్కలు లేకపోతే ఆ తాళంచెవి సమయానికి చేతికందదు.

ఇక రక్తం. ఒక కణం అంత జోరుగా కొవ్వు కాలుస్తుంటే దానికి ఆక్సిజన్ ఎంత కావాలో ఊహించండి. లోపలికి ఆక్సిజన్ రావాలి. కణంలోని చిన్న చుక్కలు త్వరగానే అయిపోతాయి కాబట్టి రక్తంలోంచి కొత్త కొవ్వు, గ్లూకోజు కూడా రావాలి. పుట్టిన వేడి బయటికి పోవాలి. పోకపోతే ఆ ముద్ద వేడెక్కుతుంది తప్ప మనిషికి వెచ్చదనం అందదు. మూడు పనులూ చేసేది రక్తమే. అందుకే గోధుమ కొవ్వులో కేశనాళికలు తెల్లదానికంటే ఎన్నో రెట్లు దట్టంగా ఉంటాయి, చలి వేసినప్పుడు వాటిలో రక్తప్రవాహం ఇంకా పెరుగుతుంది. ఎలుకల్లో భుజాల మధ్య గోధుమ కొవ్వు నుంచి వెచ్చటి రక్తాన్ని లోపలికి తీసుకెళ్లడానికి ప్రత్యేకంగా ఒక పెద్ద సిర ఉంటుంది. దాన్ని సల్జర్ సిర అంటారు. అక్కడ పుట్టిన వేడి చర్మానికి కాకుండా నేరుగా గుండె వైపు వెళుతుంది.

తెల్ల కొవ్వుకు రక్తమే ఉండదని మాత్రం అనుకోవద్దు. ప్రతి కణానికీ దగ్గర్లో ఒక కేశనాళికైనా ఉంటుంది. కానీ కణాలు పెద్దవి, రక్తనాళాలు పలుచన. దాని ఫలితం సర్జన్లు రోజూ చూస్తుంటారు. పొట్ట మీద చర్మం కింద కొవ్వు మందంగా ఉన్నవాళ్లకు ఆపరేషన్ చేస్తే ఆ కొవ్వు పొరలో నీరు చేరడం, చీము పట్టడం, కుట్లు ఆలస్యంగా మానడం ఎక్కువ. అంత మందంలో ఆక్సిజన్ సరిగా అందకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు ఎక్కడుంటుంది అన్న ప్రశ్న దానంతటదే తేలిపోతుంది. తెల్ల కొవ్వు ఎక్కడైనా ఉండొచ్చు, ఎందుకంటే నిల్వకు చోటు దొరికితే చాలు. చర్మం కింద, తొడల్లో, పిరుదుల్లో, పేగుల చుట్టూ, పొట్ట ముందు తెరలా వేలాడే ఒమెంటంలో. అరికాళ్లలో, కనుగుడ్డు వెనక మెత్తలా కూడా పనికొస్తుంది. గోధుమ కొవ్వుకు అంత స్వేచ్ఛ లేదు. అది వేడి చేసిన రక్తం గుండెకూ మెదడుకూ ముఖ్య అవయవాలకూ తొందరగా చేరాలి, కాబట్టి పెద్ద రక్తనాళాలను అంటిపెట్టుకుని ఉంటుంది. మెడ పక్కల, కంఠాస్థి పైన, వెన్నెముక వెంబడి, ఛాతీలో మహాధమని చుట్టూ, మూత్రపిండాల పైన అడ్రినల్ గ్రంథుల దగ్గర. పసిపిల్లలకు వీటితోపాటు వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య పెద్ద ముద్ద ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ అది దాదాపు కనబడకుండా పోతుంది.

పసిపిల్లల సంగతి కాస్త నిలబడి చూడాల్సిందే, ఎందుకంటే గోధుమ కొవ్వు విలువ నిజంగా తెలిసేది అక్కడ. అప్పుడే పుట్టిన బిడ్డ ఒళ్లు తడిగా ఉంటుంది. ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం చాలా ఎక్కువ. మనకు చలేస్తే వణుకుతాం, ఆ వణుకులో కండరాలు వేడి పుట్టిస్తాయి. పసిబిడ్డకు వణకడం సరిగా చేతకాదు. దానికి ఉన్నది గోధుమ కొవ్వే, ఒంటి బరువులో సుమారు 5 శాతం వరకు. మూడు కిలోల బిడ్డలో నూటయాభై గ్రాములనుకోండి. ఇది కడుపులో ఉండగా 26 నుంచి 30 వారాల మధ్య తయారవడం మొదలై నెలలు నిండేదాకా పెరుగుతుంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డకు అది సగంలో ఆగిపోయి ఉంటుంది.

గ్రామాల్లో ఏఎన్‌ఎంలకూ ఆశా కార్యకర్తలకూ థర్మామీటర్ లేకుండా చలి గుర్తించే పద్ధతి ఒకటి నేర్పిస్తారు. చేతి వెనకభాగంతో బిడ్డ పొట్టనూ పాదాలనూ తాకి చూడాలి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలితో పోరాడుతున్నట్టు. అంటే చర్మానికి రక్తం తగ్గించి, లోపల గోధుమ కొవ్వును మండించి గుండెనూ మెదడునూ వెచ్చగా కాపాడుకుంటోంది. ఆ స్థితిలో ఒంటి ఉష్ణోగ్రత 36 నుంచి 36.4 డిగ్రీల మధ్య ఉంటుంది. రెండూ చల్లబడ్డాయంటే పోరాటం ఓడిపోతున్నట్టు, వెంటనే వైద్యం కావాలి.

ఇంకో ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. పుట్టగానే ఏడవని, ఊపిరాడక నీలంగా మారిన బిడ్డ ఒంట్లో గోధుమ కొవ్వు ఉన్నా మండదు. నెలలు నిండినా సరే. ఆక్సిజన్ లేనప్పుడు మైటోకాండ్రియా ఏం చేస్తుంది? అందుకే అలాంటి బిడ్డ మామూలు బిడ్డకంటే చాలా తొందరగా చల్లబడిపోతుంది. చలిలో పోరాడే బిడ్డకు గ్లూకోజు, ఆక్సిజన్ రెండూ ఎక్కువ ఖర్చవుతాయి, ఉన్న ఇబ్బంది ఇంకా ముదురుతుంది. కాన్పు గది 25 డిగ్రీలకు తగ్గకూడదనీ, పుట్టగానే తుడిచి తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టాలనీ చెప్పేది అందుకే. మనకు ఉక్కపోతగా ఉందని కాన్పు గదిలో ఏసీ పెంచే అలవాటు నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఆ చలికి మూల్యం చెల్లించేది బిడ్డ.

పెద్దవాళ్ల విషయానికొద్దాం. పెద్దవాళ్లలో గోధుమ కొవ్వు లెక్కపెట్టదగినంత ఉండదని చాలాకాలం పుస్తకాల్లో ఉండేది. ఆ అభిప్రాయం మారడానికి కారణం క్యాన్సర్ కోసం తీసే పెట్ స్కాన్లు. రేడియోధార్మిక గ్లూకోజు ఎక్కించి, గ్లూకోజును ఎక్కువగా లాక్కునే చోట్లను ఫొటోలో వెలిగించి చూపే స్కాను అది. కొందరిలో మెడ కింద, కంఠాస్థి పైన రెండు పక్కలా మెరుపులు కనబడేవి. 2002 ప్రాంతంలో కొందరు రేడియాలజిస్టులు అవి కండరం కాదు, కొవ్వు అని గుర్తించారు. 2009లో ఒకే పత్రికలో మూడు బృందాలు, బోస్టన్, మాస్ట్రిక్ట్, తుర్కు నగరాల నుంచి, పెద్దవాళ్లలో పనిచేసే గోధుమ కొవ్వు ఉందని రాశాయి. బోస్టన్ వాళ్లు వేరే కారణాలకు తీసిన 1,972 మంది స్కాన్లు చూస్తే ఆడవాళ్లలో 7.5 శాతానికి, మగవాళ్లలో 3.1 శాతానికి కనిపించింది. మాస్ట్రిక్ట్‌లో 24 మంది యువకులను చల్లటి గదిలో కూర్చోబెట్టి తీస్తే 23 మందిలో కనిపించింది. అంటే గోధుమ కొవ్వు లేకపోవడం వేరు, చలి లేక అది నిద్రలో ఉండటం వేరు.

దీన్ని ఒక కేసుగా విడమరిచి చూద్దాం. ఇరవై రెండేళ్ల సన్నటి అమ్మాయి. లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌కు చికిత్స అయిపోయింది, జబ్బు పోయిందో లేదో చూడటానికి పెట్ సీటీకి వచ్చింది. రాత్రి నుంచి ఏమీ తినలేదు. పల్చటి గౌను, ఏసీ బాగా పనిచేసే గది, మనసులో టెన్షన్. ఇంజెక్షన్ ఇచ్చాక గంటసేపు అక్కడే పడుకోబెట్టారు. స్కానులో మెడ కింద రెండు పక్కలా, వెన్నెముక వెంబడి పూసల్లా మెరుపులు. లింఫోమా తిరగబెట్టే గ్రంథులు ఉండేది కూడా సరిగ్గా అక్కడే. తొందరపడి "జబ్బు మళ్లీ వచ్చింది" అని రాస్తే ఆ అమ్మాయికి అక్కర్లేని బయాప్సీ, ఇంకో విడత కీమో చుట్టుకుంటాయి.

ఇక్కడ రేడియాలజిస్టును కాపాడేది కణ నిర్మాణమే. పెట్‌తోపాటే తీసిన సీటీలో సరిగ్గా ఆ మెరుపున్న చోట సాంద్రత కొలుస్తారు. నీళ్లు సున్నా. లింఫు గ్రంథి అయితే 30, 40 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు ఉంటుంది. కొవ్వైతే సున్నాకు కింద, మైనస్ వంద చుట్టుపక్కల. గోధుమ కొవ్వులో కణద్రవం, మైటోకాండ్రియా, రక్తం ఎక్కువ కాబట్టి అది తెల్ల కొవ్వంత కిందికి పోదు, అయినా మైనస్‌లోనే ఉంటుంది. మెరుపున్న చోట గ్రంథి లాంటి ముద్ద ఏదీ లేకుండా మైనస్ అంకె వస్తే, రెండు పక్కలా ఒకేలా ఉంటే, అది గోధుమ కొవ్వనే అనుమానం బలపడుతుంది. సందేహం తీరకపోతే మళ్లీ తీస్తారు. ఈసారి వచ్చే ముందు నుంచే వెచ్చటి బట్టలు, దుప్పటి, వెచ్చటి గది. కొన్నిచోట్ల గంట ముందు ప్రొప్రనొలాల్ మాత్ర ఇస్తారు, అది నార్‌అడ్రినలిన్ కబురును అడ్డుకుంటుంది. మెరుపు మాయమైతే అది కొవ్వే. గ్రంథి అయితే దుప్పటి కప్పినంత మాత్రాన ఆరిపోదు. అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే కణితి ఉన్నవాళ్లలో నార్‌అడ్రినలిన్ విపరీతంగా ఊరి, చలి లేకపోయినా గోధుమ కొవ్వు వెలుగుతుంది. అలాంటప్పుడు గది వెచ్చగా ఉన్నా వెలిగే ఆ కొవ్వే అసలు జబ్బుకు ఆచూకీ ఇవ్వొచ్చు.

మళ్లీ స్లైడు దగ్గరికి. చిన్న చుక్కలు కనబడగానే గోధుమ కొవ్వని రాసేస్తే కూడా తప్పే. ఇప్పుడిప్పుడే కొవ్వు చేర్చుకుంటున్న లేత తెల్ల కణంలో కూడా మొదట చిన్న చుక్కలే ఉంటాయి, తర్వాత కలిసిపోతాయి. తిరగేసి చూస్తే, చాలాకాలం వెచ్చగా ఉంచిన జంతువులో పనిలేని గోధుమ కణం చుక్కలు కలిసిపోయి పెద్దవై, తెల్లదానిలా కనిపిస్తుంది. తెల్ల కొవ్వు మధ్యలో అక్కడక్కడా చలికి యూసీపీ-1 తెచ్చుకునే కణాలూ ఉంటాయి, వాటిని బీజ్ కణాలంటారు. వీడియోల్లో చెప్పే "మార్పు" పుట్టింది ఈ మూడో రకం నుంచే. కాబట్టి ఖాయంగా చెప్పాలంటే యూసీపీ-1కు ప్రత్యేకమైన రంగు వేసి చూడాలి, ఆకారం ఒక్కటీ చాలదు.

అయితే బీజ్ కణాలున్నాయి కదా, మార్చుకుంటే తప్పేముంది అంటారు. ఎలుకను చల్లటి గదిలో వారాల తరబడి పెడితే దాని చర్మం కింది కొవ్వులో ఈ కణాలు బాగా పెరుగుతాయి, నిజమే. కానీ ఎలుక చిన్న ప్రాణి, వేడి ఇట్టే పోగొట్టుకుంటుంది, దాని బతుకంతా వెచ్చబెట్టుకోవడమే. మన పొట్ట మీద పది కిలోల కొవ్వులో చుక్కలు చిన్నవి చేసి, యూసీపీ-1 పెట్టి, దానికి సరిపడా కేశనాళికలూ నరాలూ కొత్తగా అల్లించే పొడి ఏదీ లేదు. నాలుగూ కలిసి వస్తేనే అది పనిచేసే గోధుమ కొవ్వు. ఒకటి వచ్చి మిగతావి రాకపోతే స్లైడులో అందంగా కనబడుతుంది, అంతే.

అంకెలు కూడా వీడియోల పక్షాన లేవు. 1983లో ఒక లెక్క వేశారు: 50 గ్రాముల గోధుమ కొవ్వును పూర్తిస్థాయిలో మండిస్తే రోజు ఖర్చులో ఐదో వంతు శక్తి అది వాడగలదని. ఆ "పూర్తిస్థాయిలో" అన్న మాటను అందరూ వదిలేశారు. తర్వాత మనుషుల్లో ఆ కొవ్వు ఎంత ఆక్సిజన్ వాడుతోందో నేరుగా కొలిస్తే రోజుకు పదుల కిలోకాలరీలే వచ్చాయి. ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 కిలోకాలరీలుంటాయి, మీరే భాగించి చూసుకోండి. మందులతో చేయలేమా అంటే, అదీ ప్రయత్నించారు. మూత్రాశయ సమస్యకు వాడే మిరాబెగ్రాన్‌ను 2015లో మామూలు మోతాదు కంటే ఎక్కువగా, 200 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే యువకుల్లో గోధుమ కొవ్వు వెలిగింది. దాంతోపాటు గుండె వేగమూ పెరిగింది. కబురు అందుకునేది కొవ్వొక్కటే కాదు కదా. ఇక 1930లలో అమెరికాలో బరువు తగ్గడానికి అమ్మిన డైనైట్రోఫినాల్ సంగతి మరీ ఘోరం. అది ఒంట్లో ప్రతి కణంలోనూ ప్రోటాన్లను కారుస్తుంది. వేడి బయటికి మోసుకుపోయే ఏర్పాటు లేని చోటల్లా వేడి పుట్టి మనుషులు జ్వరం లాంటి మంటతో చనిపోయారు. ఇప్పటికీ దాన్ని బాడీబిల్డింగ్ పేరుతో దొంగచాటుగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఎవరైనా ఇస్తే నోట్లో వేసుకోవద్దు.

మన దేశపు మూలాలున్నవాళ్లకు దీనిలో ఇంకో కోణం ఉంది. 2014లో నెదర్లాండ్స్‌లో దక్షిణాసియా మూలాలున్న సన్నటి యువకులనూ, అక్కడి తెల్లజాతి యువకులనూ చలిలో పోల్చి చూశారు. ఒక్కో వైపు పన్నెండు మందే. మనవాళ్లలో గోధుమ కొవ్వు తక్కువ కనిపించింది. ఇంత చిన్న అధ్యయనం మీద నేను మేడలు కట్టను. కానీ సన్నగా ఉన్నా పొట్టలో కొవ్వు, చిన్న వయసులో షుగరు రావడం మనలో ఎక్కువ కాబట్టి ఇది పెద్ద సంఖ్యలో కొలవాల్సిన విషయమని గట్టిగా నమ్ముతాను.

తెల్ల కొవ్వును శత్రువులా చూడటం మాత్రం నాకు అసలు మింగుడుపడదు. పుట్టుకతోనే తెల్ల కొవ్వు దాదాపు లేని పిల్లలు ఉంటారు. ఆ జబ్బును లైపోడిస్ట్రఫీ అంటారు. ఒక్క గ్రాము కొవ్వు కూడా వద్దనుకునేవాళ్లకు వాళ్ల ఒళ్లు ఆదర్శంగా కనిపించొచ్చు. చర్మం కింద కండరాలు చెక్కినట్టు తేలి ఉంటాయి. కానీ తిన్న కొవ్వును దాచే చోటు లేక అదంతా కాలేయంలోకీ కండరాల్లోకీ చేరుతుంది. కాలేయం ఉబ్బుతుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరిగి పాంక్రియాస్ వాస్తుంది, టీనేజీలోనే ఇన్సులిన్‌కు లొంగని షుగరు వస్తుంది. పైగా ఎంత తిన్నా ఆకలి తీరదు, ఎందుకంటే "నిల్వ సరిపడా ఉంది" అని మెదడుకు చెప్పే లెప్టిన్ హార్మోనును తయారుచేసేది ప్రధానంగా తెల్ల కొవ్వు కణాలే. 1994లో ఆ హార్మోను జన్యువును కనుక్కున్నారు. 2014లో దాన్ని పోలిన మెట్రెలెప్టిన్ అనే ఇంజెక్షన్‌ను ఈ పిల్లల కోసం అమెరికాలో అనుమతించారు. రోజూ అది వేసుకుంటే వాళ్ల ఆకలి తగ్గుతుంది, షుగరు, ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి, కాలేయంలో పేరుకున్న కొవ్వు కూడా తగ్గుతుంది.